క్రెడిట్ కార్డ్ బిల్లు: రూ.5 వేలు తక్కువ కడితే రూ.2,675 భారం.. వడ్డీ ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా?

రూ.40 వేల క్రెడిట్ కార్డ్ బిల్లు వచ్చింది. గడువు తేదీకే రూ.35 వేలు కట్టేశారు. మిగిలింది రూ.5 వేలే కదా, వచ్చే నెల చూసుకుందాం అనుకున్నారు. తీరా వచ్చే నెల స్టేట్‌మెంట్ తెరిచి చూస్తే వడ్డీ, జీఎస్టీ కలిపి దాదాపు రూ.2,675 పడింది. ఐదు వేలకు ఇంత వడ్డీ ఏంటి? బ్యాంకు పొరపాటు చేసిందా?

పొరపాటేమీ లేదు. మీరు సంతకం పెట్టిన నిబంధనల ప్రకారమే ఆ లెక్క వచ్చింది. క్రెడిట్ కార్డు వాడేవాళ్లలో చాలామంది వడ్డీ "మిగిలిన బాకీ" మీద మాత్రమే పడుతుందనుకుంటారు. అసలు విషయం ఇక్కడే ఉంది. బిల్లు మొత్తం కట్టకపోతే, కట్టేసిన డబ్బుకు కూడా వెనక్కి వెళ్లి కొన్న రోజు నుంచి వడ్డీ వేస్తారు. ఇది ఎలా జరుగుతుంది? ఒక్క రూపాయి కూడా వడ్డీ పడకుండా కార్డు ఎలా వాడుకోవాలి? లెక్కలతో సహా చూద్దాం.

ముందు ఈ రెండు తేదీలు తెలుసుకోండి

మీ కార్డుకు ప్రతి నెలా ఒక స్టేట్‌మెంట్ తేదీ ఉంటుంది. ఆ రోజు బ్యాంకు లెక్క మూసి బిల్లు తయారు చేస్తుంది. ఒక స్టేట్‌మెంట్ తేదీ మర్నాటి నుంచి తర్వాతి స్టేట్‌మెంట్ తేదీ వరకు ఉన్న కాలమే బిల్లింగ్ సైకిల్. ఉదాహరణకు మీ స్టేట్‌మెంట్ తేదీ ప్రతి నెలా 10 అనుకుందాం. అప్పుడు మే 11 నుంచి జూన్ 10 వరకు చేసిన ఖర్చులన్నీ జూన్ 10 నాటి బిల్లులో వస్తాయి. జూన్ 11న చేసిన ఖర్చు జులై 10 బిల్లులోకి వెళ్తుంది.

రెండోది పేమెంట్ డ్యూ డేట్. అంటే డబ్బు కట్టాల్సిన ఆఖరు తేదీ. సాధారణంగా స్టేట్‌మెంట్ వచ్చిన 15 నుంచి 20 రోజులకు ఇది ఉంటుంది. మన ఉదాహరణలో 20 రోజులు అనుకుంటే జూన్ 10 బిల్లుకు జూన్ 30 ఆఖరు తేదీ.

ఇక్కడ చిన్న మెలిక ఉంది. కొన్ని కార్డులకు డ్యూ డేట్ ప్రతి నెలా ఒకే తేదీన రాదు. స్టేట్‌మెంట్ నుంచి 20 రోజులు లెక్కపెట్టే కార్డు అయితే జూన్ 10 బిల్లుకు గడువు జూన్ 30. అదే ఫిబ్రవరి 10 బిల్లుకు గడువు మార్చి 2, లీపు సంవత్సరమైతే మార్చి 1. అందుకే "నా డ్యూ డేట్ 30" అని గుర్తుపెట్టుకుని ఊరుకోకుండా ప్రతి బిల్లు మీదా ఉన్న తేదీ చూసుకోవాలి.

50 రోజుల వడ్డీ లేని అప్పు అందరికీ ఎందుకు రాదు?

కార్డు అమ్మేటప్పుడు "50 రోజుల వరకు వడ్డీ లేదు" అంటారు. ఆ మాటలో "వరకు" అన్నదే ముఖ్యం. వడ్డీ లేని రోజులు మీరు ఏ తేదీన కొన్నారన్న దాన్ని బట్టి మారతాయి.

మే 11న, అంటే సైకిల్ మొదలైన రోజే ఫ్రిజ్ కొన్నారనుకోండి. ఆ బిల్లు జూన్ 10న వస్తుంది, జూన్ 30 వరకు కట్టొచ్చు. మొత్తం 50 రోజులు బ్యాంకు డబ్బు వడ్డీ లేకుండా వాడుకున్నట్టే. అదే ఫ్రిజ్‌ను జూన్ 10న కొంటే? బిల్లు అదే రోజు వచ్చేస్తుంది. కట్టడానికి మిగిలింది 20 రోజులే. ఒక్క రోజు ఆగి జూన్ 11న కొని ఉంటే జులై 10 బిల్లులోకి వెళ్లి, జులై 30 వరకు 49 రోజులు దొరికేది.

కాబట్టి పెద్ద కొనుగోలు ఉంటే స్టేట్‌మెంట్ వచ్చిన మర్నాడో, ఆ తర్వాతి రెండు మూడు రోజుల్లోనో చేయడం లాభం. స్టేట్‌మెంట్ తేదీ రోజునే కొంటే మాత్రం అది ఏ బిల్లులో పడుతుందో చెప్పలేం. షాపులో స్వైప్ చేసిన లావాదేవీ బ్యాంకు ఖాతాలో నమోదు కావడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు కాబట్టి అది ఈ బిల్లులోనూ రావచ్చు, తర్వాతి దాంట్లోనూ రావచ్చు.

ఈ వడ్డీ లేని గడువునే చాలామంది గ్రేస్ పీరియడ్ అంటారు. దీనికి ఒకే ఒక్క షరతు ఉంది. గత బిల్లులో బాకీ ఏమీ మిగలకూడదు. బాకీ మిగిలితే ఈ సౌకర్యం పోతుందన్న విషయాన్ని వినియోగదారుడికి స్పష్టంగా చెప్పాలని 2022లో ఆర్‌బీఐ కార్డు సంస్థలకు ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. కార్డుతో పాటు వచ్చే చిన్న అక్షరాల నిబంధనల కాగితంలో ఆ వాక్యం ఉంటుంది. చదివేది ఎంతమంది?

ఐదు వేలు తక్కువైతే ఏం జరుగుతుంది?

ఇప్పుడు మొదట చెప్పిన రూ.2,675 లెక్కకు వద్దాం. ఓ ప్రైవేట్ ఉద్యోగి కార్డు అనుకోండి. స్టేట్‌మెంట్ తేదీ 10. వడ్డీ నెలకు 3.5 శాతం, అంటే ఏడాదికి 42 శాతం. చాలా కార్డుల్లో వడ్డీ ఈ చుట్టుపక్కలే ఉంటుంది. మన ఊళ్ల లెక్కలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ.

ఆయన మే 12న రూ.30 వేలు పెట్టి ఫ్రిజ్ కొన్నారు. జూన్ 1న పిల్లల స్కూలు ఖర్చులకు రూ.10 వేలు వాడారు. జూన్ 10న రూ.40 వేల బిల్లు వచ్చింది. జూన్ 30న రూ.35 వేలు కట్టారు, రూ.5 వేలు ఉండిపోయింది. మధ్యలో జూన్ 20న కిరాణా, పెట్రోలు కలిపి మరో రూ.8 వేలు అదే కార్డు మీద ఖర్చు పెట్టారు. జులై 10న కొత్త స్టేట్‌మెంట్ వచ్చింది.

ఆయన అంచనా ఏంటంటే, జూన్ 30 నుంచి జులై 10 వరకు పది రోజులకు రూ.5 వేల మీద వడ్డీ పడుతుంది, అది రూ.58 మించదు. పోనీ నెల మొత్తానికి లెక్కేసినా మూడున్నర రూపాయల చొప్పున రూ.175. కానీ బ్యాంకు లెక్క అలా ఉండదు. బిల్లు పూర్తిగా కట్టలేదు కాబట్టి వడ్డీ లేని గడువు అసలు లేనట్టే లెక్క వేస్తారు.

ఫ్రిజ్ కొన్న మే 12 నుంచి డబ్బు కట్టిన జూన్ 30 వరకు 49 రోజులు. రూ.30 వేలకు 49 రోజుల వడ్డీ దాదాపు రూ.1,692. స్కూలు ఖర్చు రూ.10 వేలకు జూన్ 1 నుంచి 29 రోజులకు రూ.334. మిగిలిన రూ.5 వేలకు జూన్ 30 నుంచి జులై 10 వరకు రూ.58. ఇక కొత్తగా ఖర్చు పెట్టిన రూ.8 వేలకు కూడా గడువు పోయింది కాబట్టి జూన్ 20 నుంచి 20 రోజులకు రూ.184. అన్నీ కలిపితే రూ.2,267 వరకు అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో రూ.408. మొత్తం రూ.2,675.

గమనించారా? ఈ మొత్తంలో ఆయన నిజంగా బాకీ పెట్టిన రూ.5 వేలకు గడువు దాటాక పడిన వడ్డీ రూ.58 మాత్రమే. మిగతాదాంట్లో చాలా భాగం కట్టేసిన డబ్బు మీద, ఇంకా బిల్లే రాని కొత్త ఖర్చు మీద పడింది. ఆ రూ.5 వేలు తెలిసినవాళ్ల దగ్గర అదే మూడున్నర రూపాయల వడ్డీకి తెచ్చి కట్టినా నెలకు రూ.175తో పోయేది.

మీ బిల్లుకు మీరే లెక్క వేసుకోవచ్చు. ఒక్కో ఖర్చును అది ఎన్ని రోజులు బాకీగా ఉందో ఆ రోజులతో గుణించాలి. అవన్నీ కూడి, ఏడాది వడ్డీ రేటుతో గుణించి 365తో భాగించాలి. బ్యాంకు మొదటి రోజును, ఆఖరి రోజును కలిపి లెక్కిస్తే కొన్ని రూపాయలు అటూ ఇటూ అవుతుంది. అంతకు మించి తేడా వస్తే బ్యాంకును అడగాల్సిందే.

మినిమమ్ డ్యూ కడితే సరిపోతుందా?

బిల్లు మీద రెండు అంకెలు కనిపిస్తాయి. ఒకటి టోటల్ అమౌంట్ డ్యూ, రెండోది మినిమమ్ అమౌంట్ డ్యూ. రూ.40 వేల బిల్లుకు మినిమమ్ రూ.2 వేలు అని ఉందనుకుందాం. చాలామంది దీన్ని చూసి "ఈ నెలకు ఇంత కడితే చాలట" అనుకుంటారు.

మినిమమ్ కడితే లేట్ ఫీజు పడదు. బకాయి ఎగ్గొట్టినట్టు సిబిల్ లాంటి క్రెడిట్ సంస్థలకు రిపోర్టు వెళ్లదు. దాని ఉపయోగం అంతవరకే. వడ్డీ మాత్రం ఆగదు.

పై ఉదాహరణలో ఆ ఉద్యోగి రూ.35 వేల బదులు రూ.2 వేలే కట్టారనుకోండి. జులై 10 స్టేట్‌మెంట్‌లో వడ్డీ, జీఎస్టీ కలిపి దాదాపు రూ.3,123 వస్తుంది. రూ.35 వేలు కట్టినప్పుడు రూ.2,675. అంటే రూ.33 వేలు ఎక్కువ కట్టినా ఆ నెల బిల్లులో తగ్గింది రూ.448 మాత్రమే. పూర్తిగా కట్టడానికి, దాదాపు పూర్తిగా కట్టడానికి మధ్య ఎంత తేడా ఉందో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

అలాగని "ఎలాగూ వడ్డీ పడుతుంది కదా, మినిమమ్‌తో సరిపెడదాం" అనుకుంటే మరీ ప్రమాదం. ఎందుకంటే తర్వాతి నెలల సంగతి ఉంది. రూ.38 వేల బాకీ అలాగే ఉంటే ప్రతి 30 రోజులకూ వడ్డీ రూ.1,312, జీఎస్టీతో కలిపి రూ.1,548 వరకు పడుతూనే ఉంటుంది. మీరు మళ్లీ రూ.2 వేలు కడితే అందులో అసలుకు పోయేది రూ.450 మాత్రమే. ఈ లెక్కన అప్పు తీరాలంటే ఏళ్లు పడుతుంది. అందుకే మినిమమ్ మాత్రమే కడుతూ పోతే బాకీ తీరడానికి నెలలు, ఏళ్లు పడుతుందని స్టేట్‌మెంట్ మీదే హెచ్చరిక ముద్రించాలని ఆర్‌బీఐ ఆదేశించింది. మీ బిల్లులో వెతికితే ఆ వాక్యం కనిపిస్తుంది.

తర్వాతి నెల పూర్తిగా కట్టినా మళ్లీ వడ్డీ ఎందుకు?

ఇది చాలామందిని అయోమయంలో పడేసే విషయం. మన ఉద్యోగికి జులై 10న వచ్చిన బిల్లు ఎంత? పాత బాకీ రూ.5 వేలు, కొత్త ఖర్చు రూ.8 వేలు, వడ్డీ, జీఎస్టీ రూ.2,675. మొత్తం రూ.15,675. ఈసారి బుద్ధిగా జులై 30న మొత్తం కట్టేశారు. అయినా ఆగస్టు 10 బిల్లులో మళ్లీ వడ్డీ కనిపించింది.

కారణం సింపుల్. జులై బిల్లులో వేసిన వడ్డీ జులై 10 వరకే. ఆయన కట్టింది జులై 30న. ఈ 20 రోజులూ ఆ రూ.13 వేలు బాకీగానే ఉన్నాయి. దానికి రూ.299 వడ్డీ, రూ.54 జీఎస్టీ, కలిపి రూ.353 ఆగస్టు బిల్లులో పడతాయి. ఆ మధ్యలో కార్డుతో మళ్లీ ఏమైనా కొని ఉంటే, పాత బాకీ తీరేవరకు వాటికీ వడ్డీ తోడవుతుంది.

కాబట్టి ఒకసారి బాకీ మిగిలిపోయిందంటే డ్యూ డేట్ కోసం ఎదురుచూడొద్దు. వడ్డీ రోజు లెక్కన పడుతోంది కాబట్టి డబ్బు చేతికి వచ్చిన రోజే కట్టేయండి. బాకీ సున్నా అయ్యేవరకు ఆ కార్డుతో కొత్తగా ఏమీ కొనకండి. తప్పనిసరైతే యూపీఐతోనో డెబిట్ కార్డుతోనో కొనుక్కోవడం మంచిది. కట్టేముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి "ఈ రోజుకు వడ్డీతో సహా మొత్తం ఎంత కడితే బాకీ సున్నా అవుతుంది" అని అడిగితే ఇంకా మంచిది.

మూడు రోజుల గ్రేస్ ఉందట కదా?

ఉంది. కానీ అది వేరే విషయం. డ్యూ డేట్ దాటి మూడు రోజులకు మించి బాకీ ఉంటేనే లేట్ ఫీజు వేయాలి, అప్పుడే క్రెడిట్ సంస్థలకు రిపోర్టు చేయాలి అని ఆర్‌బీఐ నిబంధన. జూన్ 30 ఆఖరు తేదీ అయితే జులై 3 లోపు కట్టినవాళ్లకు లేట్ ఫీజు పడకూడదు. నాలుగో రోజు వచ్చిందంటే మాత్రం ఆలస్యాన్ని జూన్ 30 నుంచే లెక్కిస్తారు. లేట్ ఫీజు కూడా బిల్లు మొత్తం మీద కాకుండా, గడువు తర్వాత మిగిలిన బాకీ మీదే వేయాలి.

ఈ నిబంధన లేట్ ఫీజుకు, క్రెడిట్ రిపోర్టుకు సంబంధించింది. వడ్డీ వేయొద్దని ఇందులో లేదు. అందుకే సోషల్ మీడియాలో "డ్యూ డేట్ తర్వాత మూడు రోజులు ఫ్రీ" అని చెప్పే వీడియోలు చూసి ధైర్యంగా ఉండొద్దు. ఒక్క రోజు దాటినా వడ్డీ లేని గడువు పోయే అవకాశం ఉంది. అప్పుడు మళ్లీ పైన చెప్పిన రూ.1,692 లాంటి లెక్కలన్నీ మొదలవుతాయి.

ఏటీఎంలో తీస్తే ఆ రోజు నుంచే

క్రెడిట్ కార్డుతో ఏటీఎంలో నగదు తీస్తే వడ్డీ లేని గడువు అసలు ఉండదు. తీసిన రోజు నుంచి కట్టిన రోజు వరకు వడ్డీ పడుతుంది. గత బిల్లులన్నీ పూర్తిగా కట్టినవాళ్లకైనా ఇదే రూల్. పైగా ఒక్కసారి తీసినందుకే విడిగా ఫీజు ఉంటుంది. చాలా కార్డుల్లో అది తీసిన మొత్తంలో 2.5 శాతం, లేదా కొన్ని వందల రూపాయల కనీస మొత్తం, రెండింటిలో ఏది ఎక్కువైతే అది. అత్యవసరంలో తీయాల్సి వస్తే, బిల్లు వచ్చేదాకా ఆగకుండా వీలైనంత త్వరగా ఆ డబ్బు కార్డు ఖాతాలో వేసేయడమే దారి.

వడ్డీ పడకుండా ఏం చేయాలి?

అన్నింటికంటే ముఖ్యమైంది ఆటో పే. బ్యాంకు యాప్‌లో ఆటో పే పెట్టేటప్పుడు టోటల్ డ్యూ కావాలా, మినిమమ్ డ్యూ కావాలా అని అడుగుతుంది. తొందరలో మినిమమ్ ఎంచుకున్నవాళ్లు "ఆటో పే ఉంది కదా" అని నిశ్చింతగా ఉంటారు, ప్రతి నెలా వడ్డీ పడుతూనే ఉంటుంది. ఇప్పుడే మీ యాప్ తెరిచి టోటల్ అమౌంట్ డ్యూ ఎంచుకుని ఉందో లేదో చూసుకోండి. ఖాతాలో డబ్బు తక్కువగా ఉంటే ఆటో పే ఫెయిలవుతుంది. దానికి కార్డు బ్యాంకు ఒక ఛార్జీ, మీ సేవింగ్స్ ఖాతా ఉన్న బ్యాంకు మరో ఛార్జీ వేసే వీలుంది. కాబట్టి డ్యూ డేట్‌కు రెండు రోజుల ముందే బ్యాలెన్స్ సరిచూసుకోవాలి.

రెండోది తేదీల సర్దుబాటు. జీతం ఒకటో తారీఖున వస్తుంటే, డ్యూ డేట్ 28నో 30నో ఉంటే ప్రతి నెలా ఇబ్బందే. నెలాఖరున ఖాతాలో డబ్బు ఉండదు. ఇలాంటివాళ్ల కోసమే బిల్లింగ్ సైకిల్‌ను కనీసం ఒక్కసారైనా మార్చుకునే అవకాశం ఇవ్వాలని ఆర్‌బీఐ చెప్పింది. యాప్‌లో గానీ, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గానీ అడగొచ్చు. డ్యూ డేట్ స్టేట్‌మెంట్ తర్వాత 20 రోజులకు ఉంటే, స్టేట్‌మెంట్ తేదీని 15 చుట్టుపక్కలకు మార్చుకోండి. అప్పుడు డ్యూ డేట్ నాలుగు, ఐదు తారీఖుల్లో పడుతుంది. జీతం పడ్డ వెంటనే బిల్లు కట్టేయొచ్చు. మన ఉదాహరణలోని ఉద్యోగి సమస్య కూడా ఇదే. ఆయన డ్యూ డేట్ జూన్ 30. జీతం జులై 1. ఒక్క రోజు తేడా వల్ల రూ.5 వేలు సర్దలేకపోయారు.

మూడోది, యాప్‌లో కనిపించే అంకెల తికమక. టోటల్ అవుట్‌స్టాండింగ్ అని ఒక అంకె, టోటల్ అమౌంట్ డ్యూ అని ఇంకో అంకె కనిపిస్తాయి. అవుట్‌స్టాండింగ్‌లో ఇంకా బిల్లు రాని ఖర్చులు కూడా కలిసి ఉంటాయి. పాత బాకీ ఏమీ లేనివాళ్లు టోటల్ అమౌంట్ డ్యూ మొత్తాన్ని గడువులోగా కడితే చాలు, వడ్డీ పడదు. బిల్లు రాని ఖర్చును ముందే కట్టాల్సిన పని లేదు. అయితే డ్యూ మొత్తాన్ని పైసలతో సహా కట్టండి. రూ.12,640.75 ఉంటే రూ.12,600 కట్టి సరిపెట్టుకోవద్దు.

నాలుగోది రిఫండ్. ఆన్‌లైన్‌లో కొన్న రూ.3 వేల వస్తువు వెనక్కి పంపారు, రిఫండ్ వస్తుందని చెప్పారు. దాన్ని మినహాయించుకుని మిగతాది కడదాం అనుకుంటారు. డ్యూ డేట్ లోపు రిఫండ్ వస్తే కట్టాల్సిన మొత్తంలో సర్దుబాటు చేయాలన్నది ఆర్‌బీఐ నిబంధనే. కానీ వ్యాపారి ఆలస్యం చేసి గడువు దాటాక పంపితే మీ బిల్లు రూ.3 వేలు తక్కువ కట్టినట్టే అవుతుంది. యాప్‌లో డ్యూ తగ్గినట్టు కనిపించకపోతే మొత్తం కట్టేయండి. తర్వాత వచ్చిన రిఫండ్ మీ ఖాతాలోనే జమగా ఉంటుంది, ఎక్కడికీ పోదు.

ఇక పెద్ద కొనుగోలు చేశాక మొత్తం ఒకేసారి కట్టడం కష్టమని ముందే తెలిస్తే, స్టేట్‌మెంట్ రాకముందే దాన్ని ఈఎంఐగా మార్చుకోవడం ఒక దారి. అప్పుడు ఆ బిల్లులో వాయిదా మేరకే పడుతుంది, మిగతా ఖర్చులకు వడ్డీ లేని గడువు చెక్కుచెదరదు. ఈఎంఐకీ వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు, జీఎస్టీ ఉంటాయి. అయినా సాధారణంగా అది 42 శాతం కంటే తక్కువే. మార్చుకునే ముందు మొత్తం ఎంత అదనంగా కట్టాలో యాప్‌లో చూసుకోండి.

ఆఖరుగా, కట్టే సమయం. యూపీఐ, బిల్ పే యాప్‌ల ద్వారా కట్టిన డబ్బు కార్డు ఖాతాలో చేరడానికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు పడుతుంది. మధ్యలో సెలవులు వస్తే ఇంకా ఆలస్యం. అందుకే ఆఖరు రోజు రాత్రి 11 గంటలకు కాకుండా మూడు రోజుల ముందే కట్టడం అలవాటు చేసుకోండి. కట్టాక యాప్‌లో డ్యూ సున్నా చూపిస్తోందో లేదో సరిచూసుకోండి.

మీకు వడ్డీ పడుతోందా? ఇలా కనిపెట్టండి

గత మూడు నెలల స్టేట్‌మెంట్లు తెరవండి. మొదటి పేజీలో మొత్తం మాత్రమే చూసి వదిలేయకుండా లావాదేవీల జాబితా చివరి వరకు వెళ్లండి. ఫైనాన్స్ ఛార్జెస్ లేదా ఇంట్రెస్ట్ ఛార్జెస్ అనే లైన్, దాని వెంటే జీఎస్టీ లైన్ కనిపిస్తే మీ వడ్డీ లేని గడువు పోయిందని అర్థం. అంతకు ముందు బిల్లు మొత్తం ఎంత, మీరు కట్టింది ఎంత, ఏ తేదీన చేరింది అన్నవి పక్కపక్కన పెట్టి చూస్తే కారణం దొరుకుతుంది. సాధారణంగా అది మూడింటిలో ఒకటై ఉంటుంది. తక్కువ కట్టడం, ఆలస్యంగా చేరడం, ఏటీఎంలో నగదు తీయడం.

ఈ మూడూ కాకుండా వడ్డీ పడితే, లేదా మూడు రోజుల లోపే లేట్ ఫీజు వేస్తే ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి నంబర్ తీసుకోండి. మొదటిసారి ఒకటి రెండు రోజులు ఆలస్యమైన పాత కస్టమర్లకు అడిగితే ఛార్జీలు వెనక్కి ఇచ్చే బ్యాంకులూ ఉన్నాయి, కాబట్టి అడగడంలో తప్పు లేదు. 30 రోజుల్లో బ్యాంకు స్పందించకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా cms.rbi.org.in లో ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. దీనికి ఎలాంటి ఫీజు లేదు.

మీ కార్డు వడ్డీ రేటు, స్టేట్‌మెంట్‌కూ డ్యూ డేట్‌కూ మధ్య రోజులు ఈ ఉదాహరణలో ఉన్నట్టే ఉండకపోవచ్చు. అవి మీ స్టేట్‌మెంట్ మీదే ఉంటాయి. ఆ అంకెలు తీసుకుని పైన చెప్పిన పద్ధతిలో ఒక్కసారి లెక్క వేసి చూసుకోండి. వచ్చే డ్యూ డేట్‌కు ఎంత కట్టాలో అప్పుడు ఎవరూ చెప్పక్కర్లేదు.